ఇంకా రావలసిన రిపోర్టులు

ఉదయం పదకొండు గంటల పది నిమిషాలకు మా పెద్ద డాక్టరుగారు నా కిటికీ దగ్గరికి వచ్చి, ఎప్పటిలాగే నిలబడే, ఒక రైతు ఆరు రోజుల జబ్బును పది వాక్యాల్లో చెప్పారు. నేను టైపు చేశాను. ఆయన సంతకం పెట్టారు. పన్నెండున్నరకల్లా ఆ రైతు ఇంటికి వెళ్ళిపోయాడు.

మాది శంషాబాద్‌లో, విమానాశ్రయానికి వెళ్ళే రోడ్డుకి కొంచెం లోపలగా ఉన్న ఎనభై పడకల ఆస్పత్రి. నేను అక్కడ రికార్డుల గదిలో పదహారేళ్ళుగా పని చేస్తున్నాను. రోగులు ఇంటికి వెళ్ళేటప్పుడు ఇచ్చే డిశ్చార్జి కాగితం టైపు చేయడం నా పనుల్లో ఒకటి. మిగతా డాక్టర్లు గిలికిన కాగితాలు పంపేవారు. పెద్ద డాక్టరుగారు మాత్రం స్వయంగా వచ్చి ఒకే పేరాగా చెప్పేవారు. ఆయన చెప్పేది ఇంగ్లీషులోనే అయినా, వినడానికి బాగుండేది. ఎక్కడా తడబాటు ఉండేది కాదు. జబ్బుతో పాటు మనిషి కూడా అందులో కనిపించేవాడు.

ఆ రోజు చెప్పింది తెలుగులో ఇలా ఉంటుంది. డెబ్భై ఏళ్ళ రైతు, ఊరు మంఖాల్. మూడు రోజులుగా తారులాంటి నల్లని విరేచనాలు, నీరసం. రక్తం ఏడు గ్రాములకు పడిపోయింది. రెండు యూనిట్లు ఎక్కించాం. ఎండోస్కోపీలో కడుపులో పుండు కనిపించింది. దాని అంచు నుంచి చిన్న ముక్క తీసి బయాప్సీకి పంపాం, రిపోర్టు రావలసి ఉంది, రక్తస్రావం ఆగింది. ఇప్పుడు ఆకలి పుట్టింది, తన పాలకూర మడికి నీళ్ళు ఎవరు పెడుతున్నారని అడుగుతున్నాడు. పుండు మానడానికి ఒక గోలీ, రక్తం పెరగడానికి ఐరన్ గోలీ. మిగతా మందులు మునుపటిలాగే. పది రోజుల తర్వాత రావాలి.

పాలకూర మడి మాట చెప్పేటప్పుడు ఆయన నవ్వారు. నేనూ నవ్వాను. బయాప్సీ మాట దానికి ముందు వాక్యంలోనే ఉంది. దాని మీద మా ఇద్దరిలో ఎవరూ ఆగలేదు.

ఇది జరిగిన రెండు వారాలకు యాజమాన్యం కొత్త ఫారం తెచ్చింది. ఇకనుంచి డిశ్చార్జి కాగితం ఒకే పేరాగా ఉండకూడదు. జబ్బు ఏమిటి, ఆస్పత్రిలో ఏం జరిగింది అనేది పైన క్లుప్తంగా రాయవచ్చు. దాని కింద నాలుగు భాగాలు తప్పనిసరి. మందులు, మళ్ళీ రావడం, ప్రమాద సూచనలు, ఇంకా తేలని పరీక్షలు. మందుల భాగంలో ప్రతి మందుకూ పేరు, మోతాదు, ఎప్పుడు, ఎన్నాళ్ళు, ఎందుకు అని గళ్ళు ఉన్నాయి. చివరి గడిలో అది కొత్తదా, పాతదే కొనసాగుతోందా, మోతాదు మారిందా, ఆపేశామా అన్నది రాయాలి.

ఫారం సరిపోతుందో లేదో చూడటానికి నన్ను ఒక పని చేయమన్నారు. వెనకటి ఇరవై కాగితాలు తీసి, ఆ పేరాలను ఈ గళ్ళలోకి విడగొట్టాలి. పేరాలో ఉన్నది ఉన్నట్టు పెట్టాలి. లేనిది ఊహించి పెట్టకూడదు. పేరాలో దొరకకపోతే కేసు షీట్లో వెతకాలి. అక్కడా లేకపోతే గడి ఖాళీగా వదిలి, పక్కన గుర్తు పెట్టి, డాక్టరును అడగాలి.

ఈ ఫారం మీద మా డాక్టరుగారికి ఇష్టం లేదు.

"ఇది కాగితమా, రైలు టైంటేబులా? మనిషిని గిట్ల గళ్ళల్ల కోసి పెడితే చదివేటోనికి ఏం తెలుస్తదమ్మా?" అన్నారు.

డిశ్చార్జి డెస్కులో ఉండే నర్సు పక్కనే ఉంది. ఆమెది ఈ చుట్టుపక్కల ఊరే. నాకంటే పదిహేనేళ్ళు చిన్నది. డాక్టరుగారితో నిర్భయంగా మాట్లాడేది ఆస్పత్రిలో ఆమె ఒక్కతే.

"సార్, మీరు రాసింది మస్తుంటది. గాని ఇంటికి వోయినంక ఎవరూ చదువరు. ఫోన్ జేసి నన్నే అడుగుతరు, ఏ గోలీ ఎప్పుడు ఏస్కోవాల్నని," అంది.

"అంటే నేను వేస్టంటవ్."

"అయ్యో, నేనెప్పుడన్న సార్! కాయితం వేస్టన్న."

నేను ఫారమే మంచిదన్నాను. నాకు ఆ పేరాలంటే ఇష్టమే. కానీ ఒక డిశ్చార్జి కాగితాన్ని ఇంట్లో కూర్చుని వాడవలసి వస్తే ఎలా ఉంటుందో నాకు తెలుసు.

మా అక్క తెలుగు టీచరుగా చేసి రిటైరైంది. బడంగ్‌పేట్‌లో మేమిద్దరమే ఉండేవాళ్ళం. గుండె బలహీనపడి నగరంలోని పెద్ద ఆస్పత్రిలో పది రోజులు ఉండి వచ్చింది. వాళ్ళిచ్చిన కాగితం మూడు పేజీలు. నేను ఆ పని చేసేదాన్నే కాబట్టి చదివి, "అంతా బాగానే రాశారక్కా," అన్నాను.

"బాగా రాశారో లేదో తర్వాత చూద్దాం. నాకు నాలుగు సంగతులు చెప్పు. ఏం మింగాలి? ఎప్పుడు వెళ్ళాలి? ఎప్పుడు భయపడాలి? ఇంకా తెలియనిదేమైనా ఉందా?" అంది అక్క.

పాఠం అయ్యాక పిల్లల్ని ప్రశ్నలడిగినట్టే అడిగింది. నేను క్యాలెండర్ కాగితం వెనక్కి తిప్పి, లావు పెన్నుతో నాలుగు భాగాలు చేసి రాశాను. మందుల దగ్గరే గంట పట్టింది. ఒక గోలీ రెండో పేజీలో ఉంది, దాని మోతాదు మార్చిన సంగతి మూడో పేజీలో ఉంది. భయపడాల్సిన చోట, మూడు రోజుల్లో రెండు కిలోల బరువు పెరిగితే, పడుకుంటే ఆయాసం వస్తే, పాదాలు వాస్తే ఫోన్ చేయాలని రాశాను. తెలియని వాటిలో ఒకటే ఉంది. థైరాయిడ్ రిపోర్టు. మర్నాడు ఫోన్ చేసి కనుక్కున్నాను. మామూలుగానే ఉందన్నారు.

"తెలిసింది కదా, కొట్టెయ్," అంది అక్క. కొట్టేశాను. ఆమెకు తృప్తి కలిగింది.

ఆ తర్వాత ఐదు నెలలు బతికింది. రోజూ పొద్దున్నే బరువు చూసుకుని, పక్కనే రాసుకునేది. ఆమె పోవడంలో ఎవరి తప్పూ లేదు. గుండె ఇక మోయలేకపోయింది. ఆ సంగతి చెప్పాలి కనుక చెబుతున్నాను. నేను ఫారం వైపు మాట్లాడింది కోపంతో కాదు.

ఇరవై కాగితాల్లో మంఖాల్ పెద్దాయనది ఏడోది.

మందుల గళ్ళు మొదలుపెట్టాను. పుండుకు గోలీ, కొత్తది. ఐరన్ గోలీ, కొత్తది. తర్వాత "మిగతా మందులు మునుపటిలాగే" అన్న వాక్యం వచ్చింది. దాన్ని గడిలో పెట్టడానికి వీల్లేదు. మునుపటివి ఏమిటో ఒక్కొక్కటీ పేరు పెట్టి రాయాలి. పేరాలో లేవు. కేసు షీటు తెప్పించాను.

చేరిన రోజు నర్సు రాసుకున్న వివరాల్లో మూడు ఉన్నాయి. బీపీ గోలీ. షుగరు గోలీ. మూడోది, మోకాళ్ళ నొప్పులకు ఊళ్ళోని ఆరెంపీ డాక్టర్ దగ్గర నుంచి నాలుగు నెలలుగా వాడుతున్న నొప్పి గోలీలు, రోజుకు రెండు.

కడుపులో పుండు పడి రక్తం పోతున్న మనిషికి నొప్పి గోలీ ఎంత చెడ్డదో ఇన్నేళ్ళు ఇవే టైపు చేసిన నాకూ తెలుసు. షీటు తిప్పాను. రెండో రోజు డాక్టరుగారి చేతిరాత ఉంది. నొప్పి గోలీలు పూర్తిగా మానాలి, కొడుక్కి చెప్పాను. ఆయన మర్చిపోలేదు. చెప్పారు. కానీ డిశ్చార్జి రోజు వచ్చింది కొడుకు కాదు, పెద్ద కోడలు. ఆమె చేతికి వెళ్ళిన కాగితంలో ఆ మాట లేదు. మునుపటి మందులు వాడమని మాత్రం ఉంది.

నొప్పి గోలీలకు ఎదురుగా చివరి గడిలో "ఆపేశాం" అని పెట్టాను. తర్వాత చివరి భాగానికి వెళ్ళాను. బయాప్సీ. ఎక్కడికి పంపారు, ఎప్పుడు వస్తుంది, వచ్చాక ఎవరు చూడాలి? పేరాలో లేదు, షీట్లో లేదు. రిసెప్షన్‌కు ఫోన్ చేశాను. అక్కడి అమ్మాయి వెతికి, "వచ్చింది మేడమ్. తొమ్మిది రోజులైంది. అరలో ఉంది. ఎవరూ వచ్చి అడగలేదు," అంది.

మా దగ్గర పద్ధతి అదే. బయటి ల్యాబు నుంచి వచ్చిన రిపోర్టును రిసెప్షన్ అరలో పెడతారు. రోగి వచ్చి తీసుకుని డాక్టరుకు చూపిస్తాడని వాళ్ళ నమ్మకం. ఏదైనా ఉంటే ఆస్పత్రి వాళ్ళే ఫోన్ చేస్తారని రోగి నమ్మకం. ముఖ్యమైనదైతే ల్యాబే చెబుతుందని డాక్టరు నమ్మకం. పదహారేళ్ళు ఆ మూడు నమ్మకాల మధ్యే కూర్చుని పని చేశాను. ఒక్కసారి కూడా లేచి ఆ అర వైపు వెళ్ళలేదు.

ఓపీ రిజిస్టరు చూశాను. పది రోజులకు రావలసిన మనిషి రాలేదు.

రిపోర్టు తీసుకుని డాక్టరుగారి గదికి వెళ్ళాను. లోపల రోగి ఉన్నా, నా ముఖం చూసి చేయి చాచారు. చదివారు.

"క్యాన్సర్ లేదు. కడుపులో బ్యాక్టీరియా ఉన్నది. దానికి పద్నాలుగు రోజుల కోర్సు ఇయ్యాలె. లేకుంటే పుండు మళ్ళ వస్తది," అన్నారు. వెంటనే, "నేను రాసిన కదమ్మా, బయాప్సీ రావాలని," అన్నారు.

"రాశారండీ. ఆరో వాక్యంలో ఉంది."

ఆయన నా వైపు చూశారు. నేను నొప్పి గోలీల సంగతి చెప్పి, కేసు షీటు ముందు పెట్టాను. ఆయన తన రాతనే చదువుకున్నారు. కుర్చీలోంచి లేచారు.

"ఫోన్ చేయండి. ఇప్పుడే."

ఫైల్లో ఉన్నది ఒకే నంబరు, చిన్న కొడుకుది. అతను విమానాశ్రయంలో కార్గోలో పని చేస్తాడు. లోపలికి వెళ్ళే ముందు ఫోను లాకర్లో పెట్టి వెళ్ళాలట. మూడుసార్లు మోగి ఆగిపోయింది. డ్యూటీ ఎప్పుడు దిగుతాడో మాకు తెలియదు.

నర్సు తన ఫోను తీసింది. "ఆ ఊరి ఆశక్క నాకు ఎరుకే. టీకాల మీటింగ్ల కలుస్తది," అంటూనే నంబరు కలిపింది. "అక్కా, ఏడున్నవ్? జర పెద్దాయన ఇంటికి వో. పాలకూర ఏస్తడు సూడు, మొన్న మా దవాఖానల పడుకున్నడు, గాయన. ఉరుకు అక్కా, తర్వాత చెప్త."

పావుగంటకు అటు నుంచి ఫోన్ వచ్చింది. ఆశా కార్యకర్త తన ఫోనును కోడలికిచ్చింది. నర్సు స్పీకర్ పెట్టింది. నా గదిలో మేం ముగ్గురం నిలబడి విన్నాం.

"ఏందక్కా, ఏమైంది? పరేషాన్ జేస్తున్రు," అంది కోడలు.

"ఏం గాలేదు. మామ ఎట్లున్నడు?"

"మంచిగనే ఉన్నడు. జర లేస్తే కండ్లు తిరుగుతున్నయంటడు. ముసలోడు గద."

"దొడ్డికి ఎట్లొస్తుంది? రంగు?"

"నల్లగనే. మీరే చెప్పిర్రు గద, రక్తం గోలీలకు నల్లగొస్తదని."

నర్సు డాక్టరుగారి వైపు చూసింది. ఆ మాట నిజం. ఐరన్ గోలీ వాడితే మలం నల్లబడుతుంది. డిశ్చార్జి రోజు ఆమే చెప్పింది, భయపడవద్దని. తారులా వస్తే భయపడాలన్న రెండో సగం మాత్రం ఎవరూ చెప్పలేదు.

డాక్టరుగారు ముందుకు వంగారు. "అమ్మా, నేను డాక్టర్‌ను. నల్లగ గట్టిగ వస్తుందా, తారు లెక్క జిగటగ వస్తుందా? వాసన ఎట్లున్నది?"

"జిగటగనే సార్. నిన్నటి సంది. వాసన మొన్నటి లెక్కనే. దవాఖానకు రాకముందు ఎట్లుండెనో అట్ల."

"మోకాళ్ళ గోలీలు ఏస్కుంటున్నడా?"

"ఆఁ, ఏస్కుంటున్నడు. ఆరెంపీ డాక్టర్‌కు కాయితం చూపెట్టినం. పాత మందులు వాడుమని రాసిర్రు, వాడుమన్నడు."

డాక్టరుగారు కళ్ళు ఒకసారి మూసి తెరిచారు. "ఆ గోలీలు ఇప్పుడే బంద్ చెయ్. ఏం తినిపించకు. నూట ఎనిమిదికి ఫోన్ కొట్టి దవాఖానకు తీస్కరా. నడవనియ్యకు, పండుకోబెట్టి తీస్కరా. నేను ఈడనే ఉంట."

వెనక నుంచి పెద్దాయన గొంతు వినిపించింది. "ఎవలే? ఏమంటున్నరు? నేను యాడికి రాను. మడికి నీళ్ళు వెట్టాలె."

"నీళ్ళు నేను వెడ్త మామా, ముందు ఎక్కు," అంది కోడలు. ఫోన్ పెట్టేసింది.

వాళ్ళు వచ్చేదాకా నేను ఎనిమిదో కాగితం మొదలుపెట్టాలని కూర్చున్నాను. ఒక్క అక్షరం పడలేదు. డాక్టరుగారు రెండుసార్లు గేటు దాకా వెళ్ళి వచ్చారు. గంటంబావుకి అంబులెన్స్ వచ్చింది.

పెద్దాయన పెదవులు తెల్లగా ఉన్నాయి. అయినా స్ట్రెచర్ మీద నుంచి డాక్టరుగారిని గుర్తుపట్టాడు.

"ఏంది సారూ, మళ్ళ విలిపించిర్రు? నా మీద గింత ప్రేమేంది మీకు?"

"నువ్వు లేకుంటే దవాఖాన బోసిపోయింది తాతా," అన్నారు డాక్టరుగారు. అంటూనే నాడి చూశారు.

రక్తం ఆరున్నరకు పడిపోయింది. మళ్ళీ ఎక్కించారు. ఎండోస్కోపీలో పుండు నుంచి సన్నగా రక్తం కారుతూ కనిపిస్తే అక్కడే ఆపారు. మూడు రోజుల తర్వాత నిలకడగా ఉన్నాడని, రక్తస్రావం లేదని తేలాక, ఇంకోసారి చూసి, పుండు అంచుల నుంచి మళ్ళీ ముక్కలు తీసి పంపారు. మొదటిసారి రక్తం మధ్య తీసిన ముక్క ఒక్కదాన్నే నమ్మలేమన్నారు.

చిన్న కొడుకు ఆ సాయంత్రమే పని బట్టలతో పరుగెత్తుకొచ్చాడు. "నాకు చెప్పిర్రు సార్. మా వదినెకు చెప్పుడు మర్చిపోయిన," అని తల దించుకున్నాడు.

"నువ్వు ఒక్కనివే కాదు బాబూ, నేనూ మర్చిపోయిన," అన్నారు డాక్టరుగారు. ఆయన అంత తేలిగ్గా ఆ మాట అంటారని నేను అనుకోలేదు.

ఏడో రోజు డిశ్చార్జి. ఆ పొద్దున డాక్టరుగారు నా గదిలోకి వచ్చి, కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

"ఆ టైంటేబుల్ తియ్యమ్మా," అన్నారు.

మందులతో మొదలుపెట్టాం. పుండు గోలీ, కొనసాగుతుంది. రోజుకు ఒకటి కాదు, రెండు, కనుక మోతాదు మారింది. బ్యాక్టీరియాకు రెండు రకాల యాంటీబయాటిక్‌లు, కొత్తవి, పద్నాలుగు రోజులు, మధ్యలో మానకూడదు. ఐరన్ గోలీ, షుగరు గోలీ, పాతవే. బీపీ గోలీ దగ్గర ఆయన ఆగారు. రక్తం పోయిన మనిషి, బీపీ ఇంకా తక్కువగానే ఉంది. "తాత్కాలికంగా ఆపాం, మళ్ళీ వచ్చినప్పుడు చూసి నిర్ణయిస్తాం అని రాయండి. కారణం కూడా రాయండి," అన్నారు. తర్వాత నొప్పి గోలీలు. ఆపేసినవి. పెద్ద అక్షరాల్లో పెట్టమన్నారు. ఏ దుకాణంలో ఏ పేరుతో ఇచ్చినా సరే, నొప్పి గోలీ అయితే వద్దు, డాక్టరును అడగకుండా మింగవద్దు అని కింద ఒక వాక్యం చేర్పించారు. మోకాళ్ళు నొస్తే ఏం వాడాలో కూడా రాయించారు. అది రాయకపోతే మళ్ళీ ఆరెంపీ దగ్గరికే వెళ్తాడన్నారు.

ప్రమాద సూచనలలో ఐరన్ గోలీ వల్ల వచ్చే నలుపునూ రక్తం వల్ల వచ్చే నలుపునూ వేరు చేసి రాశాం. గట్టిగా, నల్లగా, వాసన మామూలుగా ఉంటే భయం లేదు. తారులా జిగటగా, చెడు వాసనతో వస్తే, రక్తపు వాంతి అయితే, లేవగానే కళ్ళు తిరిగితే వెంటనే రావాలి. రేపటి దాకా ఆగకూడదు. మళ్ళీ రావడం దగ్గర రెండు పెట్టాం. వారం తర్వాత ఒకసారి రక్తపరీక్షకు. ఎనిమిది వారాలకు ఎండోస్కోపీకి, పుండు పూర్తిగా మానిందని కంటితో చూడటానికి.

చివరి భాగం వచ్చింది. బయాప్సీ, ముక్క తీసిన రోజు, పంపిన ల్యాబు, రావలసిన రోజు. తర్వాతి గడిలో "చూడవలసిన వారు" అని ఉంది.

"డ్యూటీ డాక్టర్ అని పెట్టండి," అన్నారు.

"డ్యూటీ డాక్టర్ రోజుకు ముగ్గురు మారతారండీ."

"మెడిసిన్ విభాగం?"

"విభాగం ఫోన్ చేయదండీ."

నర్సు గుమ్మం దగ్గర నుంచి, "సార్, దొరికిపోయిర్రు," అంది.

ఆయన నవ్వి, "నా పేరే రాయమ్మా. ఫోన్ కూడా నేనే చేస్త," అన్నారు. రోగి వైపు నంబర్లు రెండు ఉండాలని నేను పట్టుబట్టాను. కొడుకుది ఒకటి, కోడలిది ఒకటి.

ఈ భాగానికి తెలుగులో ఏం పేరు పెట్టాలని అడిగారు. యాజమాన్యం పంపిన ఫారంలో "పెండింగు పరిశోధనలు" అని ఉంది. మా అక్క ఉంటే ఎర్ర పెన్నుతో కొట్టేసేది. "ఇంకా రావలసిన రిపోర్టులు" అన్నాను. ఆయనకు నచ్చింది. మిగతా మూడింటికీ అలాగే పేర్లు పెట్టాం. భయపడాల్సింది ఎప్పుడు అన్న దానికి ఆయన ఒప్పుకోలేదు, చదవగానే భయపడతారన్నారు. "వెంటనే రావలసింది ఎప్పుడు" అని మార్చాం. మార్పు మంచిదే. అక్క కూడా ఒప్పుకునేదనుకుంటాను.

పైన ఆస్పత్రిలో జరిగింది రాసే చోట ఆయన నాలుగు వాక్యాలు చెప్పారు. నాలుగోది, రోగి తన పాలకూర గురించి అడుగుతున్నాడు, అని. గడిలో అది పట్టింది.

ఆ మధ్యాహ్నం నర్సు కోడలిని కూర్చోబెట్టి కాగితం చదివింది. చదవడం అయ్యాక మడవలేదు.

"ఇగ నువ్వు చెప్పు అక్కా. ఏ గోలీ బంద్?"

"మోకాళ్ళది."

"ఇంకోటి?"

"బీపీది. మళ్ళ సార్ చెప్పేదాంక."

"నల్లగొస్తే?"

"గట్టిగుంటే రక్తం గోలీది. తారు లెక్కుంటే ఉరికి రావాలె."

"రిపోర్టు?"

"సార్ ఫోన్ జేస్తడు." ఆమె కాగితంలోకి చూసి, వేలు పెట్టి, "శుక్రారం లోపల చెయ్యకుంటే మేం జెయ్యాలె. గిదే గదా నంబరు?" అంది.

మంచం మీద నుంచి పెద్దాయన, "గిన్ని ప్రశ్నలు నన్ను బళ్ళె గూడ అడుగలే," అన్నాడు.

"నువ్వు బడికి వోతే గద మామా," అంది కోడలు. వార్డులో నవ్వులు. ఆయనా నవ్వాడు.

నేను ఆ గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాను. అక్కడ నాకు పని లేదు. అయినా నిలబడ్డాను. పక్క మంచం ఆవిడ, "మీవాళ్ళా?" అని అడిగింది. కాదని తల ఊపాను.

గురువారం రిపోర్టు వచ్చింది. డాక్టరుగారు ఓపీ మధ్యలో ఆపి, నా గది ఫోను నుంచే చేశారు. క్యాన్సర్ లేదు. అవతల కోడలు ఏమందో నాకు వినపడలేదు. ఆయన మాత్రం, "ఆఁ, ఆ గడి కొట్టెయ్యవచ్చు. మీ ఇంట్ల కాగితం మీద కూడా కొట్టెయ్," అన్నారు. ఫోను పెట్టి, మళ్ళీ ఓపీకి వెళ్ళిపోయారు. మిగిలిన పదమూడు కాగితాలనూ అప్పటికే నేను గళ్ళలోకి మార్చాను. వాటిలో మరో రెండు రిపోర్టులు అరలో దొరికాయి. రెండూ మామూలువే. అయినా ఇద్దరికీ ఫోన్ చేశాం.

ఎనిమిది వారాలకు పెద్దాయన వచ్చాడు. పుండు మానింది. అక్కడ ఒక తెల్లని మచ్చ మాత్రం ఉందని డాక్టరుగారు చెప్పారు. బీపీ గోలీ తిరిగి మొదలుపెట్టారు. ఆ రోజు కూడా కోడలు కాగితం చదివించుకుని, తిరిగి చెప్పి, ఆ తర్వాతే లేచింది. పెద్దాయన నా కిటికీ దగ్గర ఆగి, "బిడ్డా, నువ్వేనట గద నన్ను వట్టుకున్నది?" అన్నాడు. నేను మోకాళ్ళు ఎలా ఉన్నాయని అడిగాను. "ఉన్నయ్, నొస్తనే ఉన్నయ్. గాని గోలీ ముట్టలే," అన్నాడు.

ఆ ఫారం ఇప్పుడు అన్ని వార్డుల్లోనూ ఉంది. అందులో లోపాలున్నాయి. కొన్నిసార్లు హడావిడిలో గళ్ళు పొడి మాటలతో నిండుతాయి. అప్పుడు నేను తిప్పి పంపుతాను, తిట్లు తింటాను. చూడవలసిన వారి పేరు లేకుండా అది ప్రింటు కాదు. రిసెప్షన్ అర ఖాళీగా ఉంది.

డిశ్చార్జి కాగితాన్ని ఊరికే మడిచి, కవర్లో పెట్టి, చేతికిచ్చి పంపించడం ఇప్పుడు మా దగ్గర లేదు. చదివి వినిపించి, వాళ్ళ చేత తిరిగి చెప్పించుకున్నాకే ఇస్తాం.